సాంస్కృతిక సాయంత్రంలో సంధానవాక్యం: తాటిపాక వేదిక నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: సాంస్కృతిక కార్యక్రమంలో ఒక అంశానికీ మరొక అంశానికీ నడుమ వ్యాఖ్యాత పలికే మాటలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కళారూపం తనను తాను ఎంతవరకు పరిచయం చేసుకుంటుందనే దానిపై వ్యాఖ్యాత పరిచయ పరిమితి ఆధారపడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సంధానవాక్యం, వ్యాఖ్యాత, సంధివచనం, ప్రవేశ దరువు, బుర్రకథ, గరగ నాట్యం.

1. ప్రవేశిక

యక్షగానంలో దరువుకూ దరువుకూ మధ్య వచ్చే చిన్న వచన భాగాన్ని సంధివచనం అంటారు. కథలో స్థలం మారినా, కొత్త పాత్ర రాబోతున్నా ఆ సంగతిని రెండు మూడు వాక్యాలలో చెప్పి అది తప్పుకుంటుంది. నేటి సభావేదికపై వ్యాఖ్యాత పలికే మాటల స్వభావమూ ఇదే. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. సంధివచనం ఒకే కథలోని రెండు ఘట్టాలను కలుపుతుంది. సభావ్యాఖ్యాత కలపవలసినవి పరస్పర సంబంధం లేని కళారూపాలు. అందువల్ల ఇక్కడ కథ చేసే పనిని వాక్యమే చేయవలసి ఉంటుంది.

ఈ విషయాన్ని కోనసీమలో, రాజోలు మండలంలోని తాటిపాకలో జరిగే ఒక సాయంత్రాన్ని నమూనాగా ఊహించుకొని పరిశీలించవచ్చు. ప్రార్థనాగీతం తరువాత కూచిపూడి భామాకలాపం నుంచి సత్యభామ ప్రవేశ దరువు, ఆపైన బుర్రకథ, చివర గరగ నాట్యం ఉన్నాయనుకుందాం. ఈ మూడూ తమను తాము పరిచయం చేసుకునే తీరులో పూర్తిగా వేరైనవి.

2. కళారూపంలోని స్వీయపరిచయం

భామాకలాపంలో సత్యభామ తెర వెనుక నిలిచి, తెర మీదుగా జడను ప్రదర్శిస్తుంది. తానెవరో తన దరువులో తానే చెప్పుకుంటుంది. ఆ దరువు ప్రయోజనమే అది. వ్యాఖ్యాత ముందుగానే సత్యభామ అందాన్నీ, అతిశయాన్నీ, కృష్ణునితో ఆమె సంబంధాన్నీ వర్ణిస్తే దరువు చెప్పవలసినది పునరుక్తి అవుతుంది. ప్రేక్షకునికి తెర మీది జడ ఆశ్చర్యం కలిగించదు.

బుర్రకథలో పరిస్థితి కొంత భిన్నం. తంబురా పట్టిన కథకుడు నడుమ, డక్కీలతో ఇద్దరు వంతలు ఇరువైపులా ఉంటారు. కథ ఏమిటో, ఎవరిదో కథకుడే చెబుతాడు. హాస్యపు వంత నవ్విస్తాడు. రాజకీయ వంత సమకాలీన విషయాలను ప్రస్తావిస్తాడు. కథను పరిచయం చేసే బాధ్యత వ్యాఖ్యాతకు లేదు గాని, ఎవరు ఏ స్థానంలో ఉన్నారో నేటి యువ ప్రేక్షకులకు ఒక్క మాటలో చెప్పడం ఉపకరిస్తుంది.

గరగ నాట్యం ఇందుకు పూర్తిగా విరుద్ధం. గ్రామదేవత ఆరాధనతో ముడిపడిన ఈ రూపంలో అలంకరించిన గరగను తలపై నిలుపుకొని వాద్యాలకు అనుగుణంగా నర్తిస్తారు. నర్తకుడు మాట్లాడడు. తనను గూర్చి తాను చెప్పుకోని రూపం కనుక మూడింటిలోనూ ఎక్కువ పరిచయం దీనికే అవసరం. ఆచరణలో తరచుగా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. నృత్యకళాకారిణి పొందిన పురస్కారాల జాబితా రెండు నిమిషాలు సాగుతుంది. గరగల బృందానికి ఒక్క పేరు కూడా దక్కదు.

3. వేదిక కోరే కాలం

సంధానవాక్యం నిడివిని నిర్ణయించే రెండవ అంశం వేదిక సిద్ధం కావడానికి పట్టే సమయం. కూచిపూడికి నేల ఖాళీగా ఉండాలి. బుర్రకథకు ముగ్గురి ముందు మైకులు నిలిపి వారి ఎత్తుకు సరిచేయాలి. కనుక ఈ రెండింటి నడుమ ఎడం తప్పదు. ఆ పనికి ఒకటిన్నర నిమిషం పడుతుందని ముందుగా కొలుచుకుంటే, దానికి సరిపోయే మాటలను మూడు భాగాలుగా రాసుకోవచ్చు. తప్పక చెప్పవలసిన భాగం ఒకటి, అవసరమైతే విడిచిపెట్టదగినది మరొకటి, పిలుపు చివరిది. మైకులు త్వరగా సిద్ధమైతే నడిమి భాగాన్ని వదిలి నేరుగా పిలుపుకు వెళ్లవచ్చు. ఆలస్యమైతే ఆ భాగమే ఆదుకుంటుంది.

పిలుపులో కళాకారుని పేరు చివరి పదంగా ఉండటం మేలు. చప్పట్లు పేరు వినగానే మొదలవుతాయి. పేరు తరువాత ఇంకా రెండు వాక్యాలు మిగిలితే అవి ఆ ధ్వనిలో కలిసిపోతాయి, వేదికపైకి వచ్చిన కళాకారుడు నిలబడి ఎదురుచూడవలసి వస్తుంది.

4. నమూనా వాక్యాలు

ప్రవేశ దరువుకు ముందు: "కాసేపు మీ చూపును తెర పైఅంచున నిలపండి. అక్కడ మొదట కనిపించేది ముఖం కాదు. భామాకలాపం నుంచి ప్రవేశ దరువు. అభినయిస్తున్నవారు..." ఇక్కడ గురువు పేరు, ఊరు, చివరగా కళాకారిణి పేరు. జడ అనే మాటను కూడా చెప్పకపోవడం గమనించదగినది. ఎటు చూడాలో చెప్పి, ఏమి కనిపిస్తుందో కళకే విడిచిపెట్టడం జరిగింది.

బుర్రకథకు ముందు: "సత్యభామ తానెవరో తానే చెప్పుకుంది. ఇప్పుడు వచ్చే కథకునికి ఆ వెసులుబాటు లేదు. అడుగడుగునా అడ్డుపడి అడిగేవారు ఇద్దరున్నారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు నిలదీస్తారు." ముగిసిన అంశంలోని లక్షణమే రాబోయే అంశానికి ద్వారమైంది. ముగిసినదానిని పొగడటం కాని, విశ్లేషించడం కాని ఇక్కడ లేదు. చప్పట్లతోనే ఆ పని పూర్తయింది.

గరగలకు ముందు: "ఇంతవరకు మాటలు విన్నాం. ఇకమీదట మాట లేదు. జాతరలో అమ్మవారి గరగను తలకెత్తుకొనేవారు ఇప్పుడు మన నడుమ నుంచే వస్తారు. చేయి వేయకుండా గరగ తలపై ఎలా నిలుస్తుందో చూడండి. దయచేసి మధ్య దారి విడిచి కూర్చోండి." తరువాత బృందంలోని ప్రతి ఒక్కరి పేరూ, ఊరూ. చివరి సూచన పరిచయమే కాక రక్షణ కూడా. తలపై బరువుతో నర్తించేవారికి దారి అవసరం.

5. లోపాలు, గుర్తింపు

సంధానం విఫలమైందని గుర్తించడానికి ప్రేక్షకుల ముఖాల కంటే వేదిక పక్కభాగం స్పష్టమైన ఆధారం. సిద్ధమైన కళాకారుడు అక్కడ నిలబడి ఉండగా వాక్యం సాగుతున్నదంటే అది నిడివి మించినట్లే. వాక్యం ముగిసినా మృదంగం శ్రుతి కుదరక నిశ్శబ్దం ఏర్పడితే విడిచిపెట్టదగిన భాగం లేనట్లే. మొదటిదానికి కత్తిరింపు, రెండవదానికి పక్కనుంచి వచ్చే 'సిద్ధం' అనే సైగ కోసం ఎదురుచూడటం పరిష్కారాలు. "ఇప్పుడు మీ ముందుకు" అన్న పదబంధం ప్రతి అంశానికీ పునరావృతమైతే రూపాల మధ్య భేదం చెరిగిపోతుంది. ఇక పేరును తప్పుగా పలకడం ఏ వాక్యసౌందర్యమూ సరిదిద్దలేని లోపం. ఇంటిపేరు ఉచ్చారణను కళాకారుని నోటనే ముందుగా వినాలి.

6. ముగింపు

కళారూపం మాట్లాడే చోట వ్యాఖ్యాత తగ్గాలి, అది మౌనంగా ఉన్న చోట ఆ లోటును పూరించాలి. ఈ సూత్రానికి ఒక పరిమితి ఉంది. గరగలు ఆలయ ఆచారంలో భాగంగా వచ్చినప్పుడు అక్కడివారికి పరిచయం అనవసరం, ఆ సందర్భంలో వ్యాఖ్యానం అడ్డంకి కూడా. ఆచారం నుంచి వేదికకు చేరి, దాని నేపథ్యం తెలియని ప్రేక్షకులను ఎదుర్కొన్నప్పుడే ఆ రూపానికి సంధానవాక్యం అవసరమవుతుంది. జాతరలో ఊరంతటికీ తెలిసి ఉండే విషయాన్ని వేదికపై ఆ నాలుగు వాక్యాలే చెప్పవలసి ఉంటుంది.