మరచెయ్యికి ఎముకలు

కార్ల కర్మాగారంలో వెల్డింగ్ చేసే రోబో చెయ్యిని యానిమేషన్‌లో కదిలించాలంటే దాని బొమ్మకు లోపల ఎముకలు అమర్చాలి. వాటిని కదిపే పద్ధతులు రెండు. భుజం నుంచి మొదలుపెట్టి ఒక్కో కీలునూ తిప్పుకుంటూ రావడం ఒకటి. కొస ఎక్కడికి చేరాలో చూపించి, కీళ్ల కోణాలను సాఫ్ట్‌వేర్ చేత లెక్క కట్టించడం రెండోది. ఈ రెండోదే ఇన్వర్స్ కైనమాటిక్స్, పొట్టిగా ఐకె.

లెక్క హైస్కూలు త్రిభుజమే. పై చెయ్యి 2 మీటర్లు, ముంజెయ్యి 2 మీటర్లు, భుజం నుంచి లక్ష్యం 3 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. అప్పుడు మోచేతి కోణం సుమారు 97 డిగ్రీలు. అయితే మోచెయ్యి పైకి లేచినా, కిందికి దిగినా, పక్కకు వాలినా కోణం అంతే. అందుకే ఎముకలు గీసేటప్పుడే మోచేతి దగ్గర కాస్త వంపు పెట్టాలి. నిటారుగా గీస్తే ఎటు వంగాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ఉచితంగా దొరికే బ్లెండర్‌లో పని ఇలా సాగుతుంది. నిలువుగా ఒక పీఠం ఎముక, దాని మీద పై చెయ్యి, ఆపైన ముంజెయ్యి. E నొక్కుతూ ఒకదాన్నుంచి ఒకటి లాగాలి. ముంజేతి కొస నుంచి మరో ఎముక లాగి, Alt+P తో దాన్ని విడదీయాలి. అదే లక్ష్యం. విడదీయకపోతే చెయ్యి లక్ష్యాన్ని, లక్ష్యం చెయ్యిని వెంబడిస్తూ లెక్క సుడిలో పడుతుంది. తర్వాత పోజ్ మోడ్‌లో లక్ష్యాన్నీ, దాని వెనకే ముంజేతినీ ఎంచుకుని Shift+I నొక్కి, Chain Length 3 అని ఇస్తే పీఠం దాకా మూడు ఎముకలూ కలిసి కదులుతాయి.

ఇనుప భాగాలు వంగకూడదు కాబట్టి ఆటోమేటిక్ వెయిట్స్ జోలికి పోవద్దు. ఒక్కో భాగాన్నీ Ctrl+P లోని Bone తో దాని ఎముకకు తగిలిస్తే చాలు.

ఇంతవరకూ చేసి లక్ష్యాన్ని జరిపితే చెయ్యి కదులుతుంది గానీ, కండరాలున్న దానిలా మెలితిరుగుతుంది. అసలు యంత్రంలో ఒక్కో మోటారు ఒక్క ఇరుసు చుట్టూనే తిరుగుతుంది. ఆ కట్టుబాటు రిగ్‌లోకి తెస్తేనే అది రోబో. ఎముక పొడవునా ఉండేది Y ఇరుసు. పీఠానికి అదొక్కటే వదిలి, Bone ట్యాబ్‌లోని Inverse Kinematics భాగంలో X, Z లకు తాళం వేయాలి. మిగతా రెంటికీ మడిచే ఇరుసు ఒక్కటే ఉంచాలి, సాధారణంగా అది X. కోణాల హద్దులూ అక్కడే పెట్టాలి. Limit Rotation వాడితే ఐకె లెక్క దాన్ని పట్టించుకోదు.

ఇక మిగిలింది అందుబాటు. ఈ చెయ్యి 4 మీటర్లకు మించి చాచలేదు. 3.8 మీటర్ల దగ్గర మోచేతి కోణం 144 డిగ్రీలు. మిగిలిన 36 డిగ్రీలూ చివరి 20 సెంటీమీటర్లలోనే తెరుచుకుంటాయి. తెర మీద మోచెయ్యి ఒక్కసారిగా టక్కుమన్నట్టు కనిపించేది అక్కడే. కీఫ్రేమ్‌లు పెట్టేటప్పుడు లక్ష్యాన్ని 3.8 మీటర్ల లోపలే ఉంచండి. అది చాలకపోతే పీఠాన్నే దగ్గరకు జరపండి.