వార్తల్లో పదం: మల్టీమోడల్ ఏఐ

మూడో తరగతి నుంచే ఏఐ పాఠాలుంటాయని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఆ చర్చలో వినిపిస్తున్న మాట ఇది. రాసిన ప్రశ్నతోపాటు ఫొటోనో గొంతునో కూడా తీసుకుని జవాబిచ్చే ఏఐని మల్టీమోడల్ అంటారు.

అది ఫొటోను మనలా చూడదు. 2020లో గూగుల్ పరిశోధకులు చూపిన పద్ధతిలో బొమ్మను 16×16 పిక్సెళ్ల ముక్కలుగా కోస్తారు. 224×224 బొమ్మకు 196 ముక్కలు. ఒక్కో ముక్క అంకెల వరుసగా మారుతుంది. ఆ అంకెలనూ ప్రశ్నలోని మాటలనూ కలిపి, తర్వాత ఏ మాట రావచ్చో ఏఐ అంచనా కడుతుంది.

జహీరాబాద్ దగ్గరి చిరాగ్‌పల్లిలో ఈ పాఠం చెప్పాలంటే పొలం ఫొటో చాలు. ఈ ప్రాంతంలో జొన్నలో కందిని కలిపి వేయడం మామూలే. ఫొటోలో ఏముందో పిల్లలు ముందు తామే రాయాలి. తర్వాత టీచర్ అదే ఫొటో ఏఐకి ఇచ్చి, జవాబును బోర్డు మీద రాస్తారు. ప్రతి వాక్యం పక్కన ‘కనిపిస్తోంది’ లేదా ‘ఊహ’ అని పిల్లలే గుర్తు పెట్టాలి. లేత జొన్నను ఏఐ మొక్కజొన్న అనే అవకాశం ఉంది. ఆ పొరపాటు మనుషులూ చేస్తారు.

అసలు పరీక్ష తర్వాతిది. ఎద్దులే లేని ఆ ఫొటో ఇచ్చి ‘ఎద్దులు ఏ రంగు?’ అని అడగాలి. కొన్నిసార్లు ‘తెలుపు’ అని ధీమాగా చెప్పేస్తుంది. పొలం, ఎద్దులు కలిసి కనబడ్డ బొమ్మలు శిక్షణలో ఎక్కువ కావడం, ప్రశ్నే అవి ఉన్నాయన్నట్టు ఉండడం అందుకు కారణాలు. ‘ఎద్దులు ఉన్నాయా?’ అని మార్చి అడిగితే జవాబు మారవచ్చు.

పిల్లల ముఖాలున్న ఫొటోలు మాత్రం ఇవ్వకూడదు. పంపిన ఫొటో సాధారణంగా బయటి సర్వర్‌కు చేరుతుంది.