ఆదివారం ఏడింటికి ఇంటికొకరు

"రేపు ఉదయం మన వార్డులో స్వచ్ఛతా కార్యక్రమం కలదు. కావున అందరూ విచ్చేసి విజయవంతం చేయగలరు." వానలు మొదలవగానే ఏ వార్డులోనైనా ఇలాంటి పిలుపొకటి వస్తుంది. చదివినవాళ్లంతా మంచి పనే అనుకుంటారు. తెల్లారి చీపురు పట్టుకుని నిలబడేది మాత్రం పిలిచిన మనిషి, మొహమాటానికి వచ్చిన మరో ఇద్దరు. తప్పు జనం బద్ధకానిదని సులువుగా అనేస్తాం కానీ, అసలు ఆ పిలుపులో ఏం చెయ్యాలో, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎన్నింటికి అయిపోతుందో ఉందా? అది సభకు రమ్మనే ఆహ్వానపత్రిక భాష. పనికి పిలిచేటప్పుడు పని పేరు చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వాలంటీర్ల వ్యవస్థ మొదలైనప్పుడు సుమారు 50 ఇళ్లకు ఒకరిని పెట్టారు. 2024 తర్వాత ఆ వ్యవస్థ ఆగిపోయింది. దాని మంచిచెడ్డల మాట అలా ఉంచితే, వీధి శుభ్రానికి మాత్రం 50 ఇళ్లు సరైన కొలత. ఒక ఉదయం పూట నడిచి చూడగలిగినంత దూరం, ఒకరి పేరు ఒకరికి తెలిసినంత జనం. ఇప్పుడు ఆ పని పొదుపు సంఘం మహిళ చేసినా, కాలనీ కుర్రాడు చేసినా లెక్క మారదు.

వానాకాలంలో ఆ 50 ఇళ్లకూ కలిపి ఒక్క పనే ఎంచుకోవాలంటే నిలవ నీళ్లు తీసెయ్యడమే ఎంచుకోవాలి. రోడ్డు ఊడిస్తే ఫొటో బాగా వస్తుంది కానీ డెంగీ తగ్గదు. డెంగీ దోమ మురుగు కాలువలో కాదు, ఎక్కువగా మన ఇళ్లలోని మంచినీళ్లలోనే పెరుగుతుంది. కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్లెం, మేడ మీద పడేసిన టైరు, సగం తాగి విసిరిన కొబ్బరిబోండాం దానికి చాలు. కరిచేది కూడా పగలే. పైగా పుట్టినచోటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి పెద్దగా ఎగరదు. అంటే మన వీధిలో కరిచే దోమ చాలామటుకు మన వీధిలో పుట్టినదే.

గుడ్డు నుంచి రెక్కల దోమ అవడానికి మన వేడికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోయమనడం అందుకే. చాలా ప్రాంతాల్లో శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమంటున్నదీ, 2020లో తెలంగాణ మున్సిపల్ శాఖ 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అంటూ ప్రచారం చేసిందీ ఈ లెక్క మీదే. అయితే చాలామందికి తెలియనిది ఒకటుంది. ఈ దోమ గుడ్లు నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు అతుక్కుని ఉంటాయి. తొట్టి ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి పారబోస్తే చాలదు, లోపలి గోడను పీచుతో గట్టిగా తోమాలి. పారబోసే నీళ్లు కూడా కాలువలోకి కాకుండా ఎండు నేల మీద పొయ్యాలి. ఇంకిపోతే అందులోని లార్వా చచ్చిపోతుంది.

ఇది తెలిసిన వాలంటీరు పిలుపు ఇలా ఉంటుంది:

"వీధి పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం. ఈ ఆదివారం ఉదయం 7 నుంచి 8.30 దాకా రామాలయం సందు నుంచి వాటర్ ట్యాంకు వరకు నిలవ నీళ్లు తీసేద్దాం. ఇంటికొకరు వస్తే చాలు. మీ ఇంట్లో తొట్లు, డ్రమ్ములు, కూలర్, ఫ్రిజ్ ట్రే మీరే తోముకోండి. తర్వాత నలుగురేసి జట్లుగా మేడలు, ఖాళీ స్థలాలు చూద్దాం. టైర్లు, చిప్పలు, పగిలిన కుండలు సంచుల్లో కట్టి గుడి ముందు పెడితే 9 గంటలకు ట్రాక్టరు వచ్చి ఎత్తుకెళ్తుంది. చేతికి గ్లోవ్స్, కాలికి బూట్లు ఉంటే వేసుకురండి. గాజు పెంకులు, సూదులు చేత్తో తియ్యొద్దు. మొదట మా ఇల్లే చూద్దాం, రండి."

ఇందులో ట్రాక్టరు వాక్యం అన్నిటికంటే ముఖ్యం. దాన్ని రాయడానికి రెండు రోజుల ముందే శానిటరీ ఇన్‌స్పెక్టరునో, మేస్త్రీనో కలిసి బండి ఖాయం చేసుకోవాలి. స్వచ్ఛతా కార్యక్రమాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఉదయమంతా ఏరిన చెత్త మూలన కుప్పగా మిగిలిపోతే సాయంత్రానికి ఆవులు, కుక్కలు దాన్ని మళ్లీ వీధంతా పరుస్తాయి. లేదంటే ఎవరో నిప్పు పెడతారు. అది తప్పు మాత్రమే కాదు, చట్టం ఒప్పుకోని పని కూడా. సైడు కాలువల పూడికదీ ఇదే కథ. పారతో తీసి గట్టున పోసి వదిలేస్తే మొదటి వానకే తిరిగి కాలువలోకి జారుతుంది. ఒకటి రెండు రోజులు నీరు ఓడ్చి, ఆరగానే ఎత్తించగలిగితేనే పూడిక జోలికి వెళ్లాలి. మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎవరూ ఎత్తకూడదు. ఉత్సాహం కొద్దీ దిగిన మనిషిని లోపలి విషవాయువు నిమిషాల్లో చంపుతుంది. అది యంత్రంతో మున్సిపాలిటీ చెయ్యాల్సిన పని.

ఇక "మొదట మా ఇల్లే" అన్న మాట. ఇళ్లలోకి వెళ్లి తొట్లు చూడటమంటే ఎదుటివాళ్లకు చిన్నతనంగా అనిపిస్తుంది. "మా ఇల్లు అద్దంలా ఉంటుంది బాబూ, పక్కింటి వాళ్లని అడుగు" అంటారు ఏ పెద్దావిడో. పెరట్లో వాడకం మానేసిన రుబ్బురోలు ఉంటుంది. అందులో నాలుగు రోజుల నాటి వాననీరు. "పిన్నిగారూ, ఒక్కసారి టార్చి వేసి చూద్దామా?" అని పక్కన కూర్చుని చూపించాలి. వెలుగు పడగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగుతాయి, కాసేపటికి గాలి కోసం మళ్లీ పైకొస్తాయి. అదే లార్వా. రోలును బోర్లించలేం కాబట్టి నీళ్లు తోడి, గోడ తోమి, ఇసుకతో నింపేస్తే సరి. ఒక్కసారి కంటితో చూసినవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. వాలంటీరు తన ఇంటి డ్రమ్ములోనే లార్వా దొరికితే ఇంకా మంచిది, మిగతావాళ్ల మొహమాటం పోతుంది.

చూసిన ప్రతి ఇంటినీ ఒక కాగితం మీద రాయాలి. 50 ఇళ్లు చూస్తే 10 ఇళ్లలో లార్వా కనబడిందనుకోండి, అది 20 శాతం. ఆరోగ్య శాఖ వాళ్లు హౌస్ ఇండెక్స్ అనేది ఇదే. నాలుగు వారాల తర్వాత రెండు మూడు ఇళ్లకు తగ్గితే పని జరిగినట్టు. తగ్గకపోతే తాళం వేసిన ఇళ్లు, సగంలో ఆగిన కట్టడాలు, మూత సరిగా పడని సంపులు వెతకాలి. సాధారణంగా దొంగ అక్కడే ఉంటాడు. వాటి జాబితాను సచివాలయంలో రాతపూర్వకంగా ఇవ్వాలి. యజమానికి నోటీసు ఇచ్చే అధికారం మున్సిపాలిటీదే తప్ప వీధి జనానిది కాదు.

ఇంత చేసినా మురుగు కాలువలో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రిళ్లు కుడుతూనే ఉంటుంది. దానికి కాలువ పారాలి, నిలిచిపోయిన చోట ఆయిల్ బాల్స్ వెయ్యాలి. ఆ సంగతి ముందే చెప్పకపోతే "ఇంత చేశాం, దోమలు పోలేదు" అని రెండో ఆదివారం ఎవరూ రారు.

మీ వీధిలో పిలిచేవాళ్లు లేకపోతే ఆ నాలుగు ముక్కలు మీరే రాసి పంపండి. పంపే ముందు ట్రాక్టరు సంగతి తేల్చుకోండి.