ఫోన్‌కో నంబరు, బ్యాటరీకో నంబరు

2007 ఆగస్టులో మన దేశంలోనూ చాలామంది నోకియా ఫోన్ వెనక మూత తీసి, బ్యాటరీ మీది చిన్న అక్షరాలను వెలుతురులో పెట్టి చదివారు. బీఎల్-5సీ రకం బ్యాటరీలు కొన్ని చార్జింగ్ పెట్టినప్పుడు లోపల షార్ట్ సర్క్యూటై వేడెక్కుతున్నాయని కంపెనీ ప్రకటించింది. ఆ రకం బ్యాటరీలు అప్పటికే 30 కోట్లకు పైగా తయారయ్యాయి. చేసిన కంపెనీలు కూడా చాలా. కానీ లోపం బయటపడింది జపాన్‌కు చెందిన మత్సుషిత 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా చేసిన 4.6 కోట్ల బ్యాటరీల్లోనే.

ఫోన్ సీరియల్ నంబరుతో గానీ, *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐతో గానీ ఆ బ్యాటరీలను పట్టుకోలేం. పాతది పాడైతే బజార్లో ఇంకోటి కొని వేసుకునే రోజులవి. అందుకే బ్యాటరీ వెనకున్న 26 అక్షరాల నంబరునే చూసి చెప్పమన్నారు.

వారంటీ సంగతి వేరు. జనవరిలో ఒకే లాట్‌లో తయారైన రెండు ఫోన్లలో ఒకటి ఫిబ్రవరిలో, ఇంకోటి జూన్‌లో అమ్ముడుపోవచ్చు. గడువు సాధారణంగా బిల్లు తేదీ నుంచి మొదలవుతుంది కాబట్టి, ఏ ఫోన్ ఎప్పుడు అమ్మారో, ఏ రిపేరు జరిగిందో విడివిడిగా రాసి ఉండాలి. ఒక ఫోన్ బిల్లు ఇంకో ఫోన్‌కు చూపించకుండా ఆపేదీ సీరియల్ నంబరే.

రెసిస్టర్లు, కెపాసిటర్లు, టంకం వంటి వాటికి ఒక్కోదానికీ నంబరు వేయడం కుదరదు. అక్కడ లాట్ నంబరే దిక్కు. కష్టమంతా ఈ రెండింటినీ కలపడంలో ఉంది. ఒక చార్జర్ల ఫ్యాక్టరీని ఊహించుకోండి. ఒక్కో బోర్డుకు 4 కెపాసిటర్లు, రీలుకు 4,000 అనుకుంటే, ఒక రీలు 1,000 బోర్డులకు సరిపోతుంది. మెషీన్‌కు రీలు ఎక్కించగానే దాని లాట్ నంబరును, ఆ తర్వాత వచ్చే బోర్డుల సీరియల్ నంబర్లను స్కాన్ చేసి ఉంటే, ఆ రీలులో లోపం తేలిన రోజున 1,000 చార్జర్లను వెనక్కి పిలిస్తే చాలు. రీలు మార్చిన సమయం రాయకుండా తేదీ మాత్రమే రాస్తే, ఆ రోజు చేసిన చార్జర్లన్నీ అనుమానంలో పడతాయి. రీలు మర్నాటికి కూడా మిగిలితే, ఆ రోజువీ అంతే. అదీ రాయకపోతే ఆ మోడల్ మొత్తం వెనక్కి రావాల్సిందే. రికార్డు ఎంత పలచగా ఉంటే రీకాల్ అంత పెద్దదవుతుంది.

నా దృష్టిలో ఈ గొలుసు ఎక్కువగా తెగేది సర్వీస్ సెంటర్లో. బ్యాటరీ మార్చి, జాబ్ షీట్‌లో ‘బ్యాటరీ మార్చాం’ అని రాసి ఊరుకుంటే, కంపెనీ లెక్కలో ఆ ఫోన్‌లో ఇంకా పాత బ్యాటరీయే ఉంటుంది. రేపు కొత్త బ్యాటరీ లాట్‌ను వెనక్కి పిలిచినా మీకు కబురు రాదు. అందుకే బ్యాటరీ గానీ మదర్‌బోర్డు గానీ మార్పిస్తే, కొత్తదాని నంబరును జాబ్ షీట్ మీద రాయించుకోండి. మదర్‌బోర్డు మారితే ఐఎంఈఐ కూడా మారొచ్చు కనుక, అక్కడ ఉండగానే *#06# నొక్కి సరిచూసుకోండి.