తిరిగి పంపిన బస్తాకు ఏ ధర?

బీకాం పిల్లలకు స్టోర్స్ లెడ్జర్ చెప్పేటప్పుడు భారిత సగటు పద్ధతి దగ్గర ఎవరికీ పెద్దగా చిక్కు రాదు. మొత్తం విలువను మొత్తం బస్తాలతో భాగిస్తే సగటు ధర వస్తుంది. అమ్మినప్పుడల్లా ఆ ధరకే సరుకును ఖాతాలోంచి తీసేస్తారు. లెక్క మధ్యలో ‘కొనుగోలు వాపసు’ అనే వరుస ఒకటి రాగానే సగం తరగతి పెన్నులు ఆగిపోతాయి. ఆ వరుసకు ఏ ధర వేయాలన్నదే సందేహం. మార్కులు పోయేదీ ఎక్కువగా అక్కడే.

పరీక్షలో వచ్చే తరహా లెక్కే ఒకటి తీసుకుందాం. ఒక బియ్యం హోల్‌సేల్ కొట్టు ఉంది. ఏప్రిల్ 1న కొట్లో 100 బస్తాలున్నాయి, ఒక్కొక్కటి రూ.1,200 చొప్పున. 5న అదే రకం బియ్యం 300 బస్తాలు రూ.1,500 చొప్పున కొన్నారు. దించుకున్నాక చూస్తే అందులో 100 బస్తాలు తడిసి ఉన్నాయి, 8న వాటిని మిల్లుకు తిప్పి పంపారు. 12న 200 బస్తాలు అమ్మారు. 20న మరో 100 బస్తాలు రూ.1,600 చొప్పున కొన్నారు. 27న 120 బస్తాలు అమ్మారు. అమ్మిన సరుకు ఖరీదు ఎంత, నెలాఖరున మిగిలిన సరుకు విలువ ఎంత? జీఎస్టీని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

5వ తేదీ సాయంత్రానికి కొట్లో 400 బస్తాలు, విలువ రూ.5,70,000. అంటే సగటు రూ.1,425. రూ.1,200, రూ.1,500 కలిపి రెండుతో భాగించి రూ.1,350 అనేవాళ్లు కొందరుంటారు. అది సాదా సగటు. ఖరీదైన బస్తాలు మూడింతలున్నప్పుడు ధర వాటివైపు మొగ్గాలి కదా. ‘భారిత’ అన్న మాటకు అర్థమే అది.

ఇక 8వ తేదీ. ‘కొట్లోంచి సరుకు బయటికి పోతోంది, అమ్మకం కూడా బయటికి పోవడమే, కాబట్టి దీనికీ సగటు ధరే’ అనుకుంటారు చాలామంది. వాపసుకు రూ.1,425 వేసి ముందుకు పోతారు. ఒకసారి ఇదే లెక్క బోర్డు మీద చేస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. వాళ్ల నాన్నది కిరాణా కొట్టు. “సార్, తడిసిన బస్తా తిప్పి పంపితే మిల్లువాళ్లు మనకు సగటు ధర కట్టిస్తారా? బిల్లులో ఎంతుంటే అంతే కదా సార్ ఇచ్చేది!” అంది. ఆ రోజు నుంచి ఈ పాఠాన్ని నేను ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.

సగటు ధర ఎందుకు పుట్టిందో చూస్తే ఆ అమ్మాయి మాటలోని బలం తెలుస్తుంది. పాత బస్తాలూ కొత్త బస్తాలూ ఒకే రకం. అమ్మేటప్పుడు గుమాస్తా చేతికందిన బస్తా తీసిస్తాడు. అది ఏ ధరకు కొన్నదో ఎవరూ చెప్పలేరు కాబట్టి సగటుతో సరిపెట్టుకుంటాం. వాపసు బస్తా సంగతి వేరు. అది ఏ రోజు, ఏ బిల్లు కింద, ఎంతకు వచ్చిందో మనకు తెలుసు. మిల్లు పేరిట రాసే డెబిట్ నోట్‌లోనూ రూ.1,500 అనే రాస్తాం. కాబట్టి అమ్మకం సగటు ధరకు పోతుంది, వాపసు తన బిల్లు ధరకు పోతుంది. వాపసంటే అమ్మకానికి తమ్ముడు కాదు, కొనుగోలులో కొంత భాగం రద్దు కావడం.

ఇప్పుడు లెక్క నడుస్తుంది. రూ.5,70,000లోంచి 100 బస్తాల బిల్లు ధర రూ.1,50,000 తీసేస్తే 300 బస్తాలు, రూ.4,20,000 మిగులుతాయి. సగటు రూ.1,400కు మారింది. ఖరీదైన బస్తాలు తగ్గాయి కాబట్టి సగటు దిగింది. వాపసు తర్వాత సగటును మళ్లీ కట్టాలి, ఈ మెట్టునే చాలామంది మరిచిపోతారు. 12న అమ్మిన 200 బస్తాల ఖరీదు రూ.2,80,000. మిగిలిన 100 బస్తాల రూ.1,40,000కు 20వ తేదీ కొనుగోలు రూ.1,60,000 కలిస్తే 200 బస్తాలు, రూ.3,00,000, సగటు రూ.1,500. 27న అమ్మిన 120 బస్తాలకు రూ.1,80,000. వెరసి అమ్మిన సరుకు ఖరీదు రూ.4,60,000. ముగింపు సరుకు 80 బస్తాలు, విలువ రూ.1,20,000.

సరిగ్గా చేశామో లేదో జవాబు పత్రంలోనే తేల్చుకోవచ్చు. ప్రారంభపు సరుకు రూ.1,20,000. వాపసు పోను నికర కొనుగోళ్లు రూ.4,60,000. మొత్తం రూ.5,80,000లోంచి ముగింపు సరుకు తీసేస్తే రూ.4,60,000 వచ్చింది. వర్తకపు ఖాతా, స్టోర్స్ లెడ్జర్ ఒకే మాట చెబుతున్నాయి. వాపసుకు రూ.1,425 వేసినవాళ్లకు అమ్మిన సరుకు ఖరీదు రూ.4,66,500, ముగింపు సరుకు రూ.1,21,000 వస్తాయి. రెండూ కలిపితే రూ.5,87,500. మనం పెట్టిన ఖర్చు రూ.5,80,000 మాత్రమే అయితే ఆ రూ.7,500 ఎక్కడిది? బస్తాకు రూ.75 చొప్పున వంద బస్తాల మీద తక్కువ తీసేసిన సొమ్మే అది. ఇలా తేడా పడితే వాపసు వరుసకు వెనక్కి వెళ్లి చూడాలి.

ఇక్కడ చేసినట్టు ప్రతి కొనుగోలుకూ సగటు మార్చకుండా, నెలాఖరున ఒక్కసారే సగటు కట్టమని కొన్ని ప్రశ్నలు అడుగుతాయి. అప్పుడు రూ.5,80,000ను 400 బస్తాలతో భాగిస్తే రూ.1,450. అమ్మిన 320 బస్తాలకు రూ.4,64,000, మిగిలిన 80కి రూ.1,16,000. రెండూ సరైన జవాబులే, ప్రశ్న ఏది అడిగిందో చూసుకోవాలి. వాపసును ప్రస్తుత సగటుకే తీయమని ప్రశ్నలో స్పష్టంగా ఉంటే అలాగే చేయాలి. ఏమీ చెప్పకపోతే బిల్లు ధర వేసి, ఆ సంగతి జవాబు కింద ఒక వాక్యంలో రాయాలి.

తేదీ కూడా లెక్కను మారుస్తుంది. తడిసిన బస్తాలు 8న కాక, అమ్మకం అయ్యాక 14న వెనక్కి వెళ్లాయనుకుందాం. అప్పుడు 12వ తేదీ అమ్మకం రూ.1,425 చొప్పున, అంటే రూ.2,85,000కు పోతుంది. 14న వాపసు రూ.1,50,000 తీసేశాక మిగిలిన వంద బస్తాల సగటు రూ.1,350కి దిగుతుంది. అమ్మేసిన 200 బస్తాల ఖరీదును వెనక్కి వెళ్లి సవరించం. మిగతా వరుసలు అలాగే ఉంచితే నెల మొత్తానికి ఖరీదు రూ.4,62,000 అవుతుంది.

ఈ దారిని చివరిదాకా లాగితే ఒక వింత కనిపిస్తుంది. 12న 300 బస్తాలు అమ్మేసి, మిగిలిన వంద తడిసినవే అయి, 14న అవన్నీ మిల్లుకు పోయాయనుకోండి. ఖాతాలో వాటి విలువ రూ.1,42,500, తీసేయాల్సింది రూ.1,50,000. కొట్లో ఒక్క బస్తా లేదు, లెడ్జర్‌లో మాత్రం మైనస్ రూ.7,500. ఏదో తప్పు జరిగిందని పేజీ మొత్తం కొట్టేయక్కర్లేదు. అమ్మిన 300 బస్తాలు నిజానికి రూ.4,20,000కు పడ్డాయి, మనం రూ.4,27,500 రాశాం. ఆ రూ.7,500ను అమ్మిన సరుకు ఖరీదులోంచి తగ్గిస్తే ఖాతా సున్నాకు వస్తుంది.