అప్పు దావా వేసినోడే మనకు బాకీ ఉంటే? సెట్-ఆఫ్, కౌంటర్ క్లెయిమ్ ఎప్పుడు పనికొస్తాయంటే..

ప్రామిసరీ నోటు మీద దావా పడింది. కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. తీసుకున్న అప్పు నిజమే. కానీ దావా వేసిన వ్యాపారి కూడా ఈ రైతుకు డబ్బులివ్వాలి. 'ఆయన నాకియ్యాల్సింది తీసేసుకుని మిగతాది అడగొచ్చు కదా' అన్నది రైతు మాట. మాట న్యాయమైనదే. కానీ కోర్టులో నోటితో చెబితే చెల్లదు. ఏ పద్ధతిలో చెప్పారు, ఏ తేదీకి చెప్పారు అన్నదాన్ని బట్టే ఆ డబ్బు దక్కుతుంది, లేదా పోతుంది.

వేంపల్లె వైపు చీనీ తోటల్లో ఇలాంటి లెక్కలు మామూలే. కాయ కొనే వ్యాపారి దగ్గరే చేబదులు తీసుకుంటారు. నోటు రాసిస్తారు. తర్వాత అదే వ్యాపారికి కాయ తోలతారు. ఒక లెక్క నోటు మీద, ఇంకో లెక్క కాటా చీటీ మీద ఉంటుంది. రెండూ ఎక్కడా కలవవు. ఉదాహరణ కోసం ఊహించిన ఒక లెక్క చూద్దాం.

వేంపల్లె దగ్గర ఒక రైతు 2022 మార్చి 10న వ్యాపారి దగ్గర 2 లక్షలు తీసుకుని నోటు రాశాడు. వడ్డీ నూటికి రెండు రూపాయలు. పది రోజుల తర్వాత, మార్చి 20న, అదే వ్యాపారికి 8 టన్నుల చీనీ కాయ తోలాడు. రేటు టన్నుకు 25 వేలు, అంటే మొత్తం 2 లక్షలు. కాటా చీటీ మీద బరువు, రేటు, వ్యాపారి సంతకం ఉన్నాయి. డబ్బు మాత్రం రాలేదు. 'రేపు, మాపు' అంటూ ఏళ్లు గడిచాయి.

నోటుకు మూడేళ్ల గడువు దగ్గర పడేసరికి వ్యాపారి 2025 ఫిబ్రవరి 10న దావా వేశాడు. అసలు 2 లక్షలు, 35 నెలల వడ్డీ 1 లక్ష 40 వేలు, మొత్తం 3 లక్షల 40 వేలు కావాలన్నాడు. కాయల డబ్బు ఊసే ఎత్తలేదు. రైతుకు సమన్లు అందింది మార్చి చివర్లో. వకీలు జవాబు తయారు చేసి కోర్టులో వేసింది ఏప్రిల్ 15న.

ఇక్కడే ఉంది అసలు మెలిక

కడపలో అయినా, ఢిల్లీలో అయినా సరుకు అమ్మిన డబ్బు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లే. ఇంత కాలం అరువు అని ముందే ఒప్పుకోకపోతే, సరుకు అప్పజెప్పిన రోజు నుంచి లెక్క. అంటే రైతు కాయల డబ్బుకు గడువు 2025 మార్చి 20తో అయిపోయింది. ఏప్రిల్ 15న రైతు విడిగా దావా వేస్తే గడువు దాటిందని కొట్టేస్తారు. మరి ఆ 2 లక్షలు పోయినట్టేనా?

పోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 8, రూల్ 6 ఉంది. అదే సెట్-ఆఫ్. డబ్బు కోసం వేసిన దావాలో, వాది తనకియ్యాల్సిన డబ్బును తన బాకీలో తగ్గించమని ప్రతివాది అడిగే హక్కు అది. లిమిటేషన్ చట్టం సెక్షన్ 3 దీనికి ఒక మేలు చేసింది. సెట్-ఆఫ్ అడిగితే, అది వాది దావా వేసిన రోజునే వేసినట్టు లెక్కగడతారు. వ్యాపారి దావా వేసింది ఫిబ్రవరి 10న. ఆ రోజుకు కాయల డబ్బు గడువు ఇంకా దాటలేదు. కాబట్టి ఏప్రిల్‌లో అడిగినా రైతు 2 లక్షలు బతికే ఉన్నాయి.

అదే డబ్బును కౌంటర్ క్లెయిమ్ అని పేరు పెట్టి అడిగి ఉంటే? అదే సెక్షన్ ప్రకారం కౌంటర్ క్లెయిమ్‌కు లెక్క వేరు. దాన్ని కోర్టులో వేసిన రోజే దాని తేదీ. ఏప్రిల్ 15 అంటే గడువు దాటినట్టే. డబ్బు అదే, చీటీ అదే, కోర్టు అదే.. పేరు మారితే 2 లక్షలు గల్లంతు. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇలాంటి చోట ఆ పొరపాటు ఖరీదు తెలుస్తుంది.

అయితే వ్యాపారి దావా వేసిన రోజుకే కాయల డబ్బు గడువు దాటిపోయి ఉంటే సెట్-ఆఫ్ కూడా దాన్ని కాపాడలేదు. చట్టప్రకారం వసూలయ్యే బాకీనే తగ్గించమని అడగాలి.

సెట్-ఆఫ్‌కు ఏ డబ్బు పడితే ఆ డబ్బు పనికిరాదు

మొత్తం ఖరారైనదిగా ఉండాలి. 8 టన్నులు, టన్నుకు 25 వేలు అంటే 2 లక్షలు. ఇందులో కోర్టు అంచనా వేయాల్సిందేమీ లేదు. కానీ 'ఆయన వల్ల నాకు నష్టమైంది' అంటే అది ఖరారైన మొత్తం కాదు. ఎంత నష్టమో కోర్టు సాక్ష్యం చూసి తేల్చాలి. అలాంటిది రూల్ 6 కిందికి రాదు. రెండు లెక్కలూ ఒకే లావాదేవీలోవైతే, న్యాయం దృష్ట్యా కోర్టు తన విచక్షణతో తగ్గించొచ్చు. కానీ అది హక్కుగా అడిగేది కాదు.

ఇంకో షరతు దగ్గర పల్లెల్లో చాలా కేసులు దెబ్బతింటాయి. ఇద్దరూ రెండు లెక్కల్లోనూ అదే హోదాలో ఉండాలి. నోటు వ్యాపారి సొంత పేరు మీద ఉంది, దావా కూడా సొంతంగానే వేశాడు. కానీ కాటా చీటీ ఆయన ముగ్గురు భాగస్వాములతో నడిపే మండీ పేరు మీద ఉందనుకోండి. అప్పుడు కాయల బాకీ మండీది, నోటు ఆయనది. సెట్-ఆఫ్ కుదరదు. మండీ ఆయన ఒక్కడిదే అయితే ఇబ్బంది లేదు. ఇటువైపు కూడా అంతే. తోట భార్య పేరు మీద ఉండి, కాయ అమ్మింది ఆమె అయితే, ఆ డబ్బు భర్త నోటు బాకీలో తగ్గించమనడానికి లేదు. ఇంట్లో అందరిదీ ఒకటే సంచి కావచ్చు, కోర్టులో మాత్రం కాదు.

చీటీ మీద 'నోటుకు జమ' అని ఉందా?

ఉంటే కథే మారిపోతుంది. కాయ తోలిన రోజే ఇద్దరూ ఒప్పుకుని 'ఈ డబ్బు నోటు బాకీకి జమ' అని రాసుకుంటే, అది సెట్-ఆఫ్ కాదు. బాకీ అంత మేరకు తీరిపోయినట్టే. దానికి జవాబులో 'ఇంత చెల్లించాను' అని చెబితే చాలు, కోర్టు ఫీజు అక్కర్లేదు. సెట్-ఆఫ్ అయినా, కౌంటర్ క్లెయిమ్ అయినా అడిగితే మాత్రం దావాకు కట్టినట్టే కోర్టు ఫీజు కట్టాలి. ఆంధ్రప్రదేశ్ కోర్టు ఫీజుల చట్టం 1956లో సెక్షన్ 8 చెప్పేది ఇదే. చీటీ మీద రెండు మాటల తేడా ఇంత దూరం తెస్తుంది.

మరి కౌంటర్ క్లెయిమ్ ఎందుకు?

మన రైతు కథలో ఇంకో ముక్క ఉంది. 2023 ఏప్రిల్‌లో అదే వ్యాపారి తోట మీద కాయ మాట్లాడుకున్నాడు. 9 టన్నులు, టన్నుకు 30 వేలు, అంటే 2 లక్షల 70 వేలు. కోతకు వస్తానన్న రోజు రాలేదు. కాయ రాలిపోతుంటే రైతు ఇంకొకరికి దొరికిన రేటుకు అమ్ముకున్నాడు. 90 వేలు వచ్చాయి. నష్టం 1 లక్ష 80 వేలు.

ఇది నష్టపరిహారం. సెట్-ఆఫ్‌కు రాదు. దీనికే కౌంటర్ క్లెయిమ్. 1976 సవరణతో ఆర్డర్ 8లో రూల్ 6ఏ నుంచి 6జీ వరకు చేరాయి, 1977 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. డబ్బు ఖరారై ఉండాల్సిన పని లేదు. నోటుతో సంబంధం ఉండాల్సిన పనీ లేదు. ఒప్పందం తప్పినది 2023 ఏప్రిల్‌లో, మూడేళ్ల గడువు 2026 ఏప్రిల్ దాకా ఉంది. కాబట్టి 2025 ఏప్రిల్ 15న వేసిన కౌంటర్ క్లెయిమ్‌కు గడువు అడ్డం రాదు.

రైతు వకీలు రెండూ ఒకే జవాబులో పెట్టాడు. కాయల 2 లక్షలకు సెట్-ఆఫ్, కోత తప్పినందుకు 1 లక్ష 80 వేల కౌంటర్ క్లెయిమ్. కౌంటర్ క్లెయిమ్ అని ఆ మాటే స్పష్టంగా రాయాలి. ఎక్కడో మధ్యలో 'నాకూ నష్టమైంది' అని ఒక వాక్యం పడేస్తే సరిపోదు. రెండూ పూర్తిగా రుజువైతే లెక్క ఇలా ఉంటుంది. 3 లక్షల 40 వేల నుంచి 2 లక్షలు పోతే 1 లక్ష 40 వేలు. అందులోంచి 1 లక్ష 80 వేలు తీస్తే, వ్యాపారే రైతుకు 40 వేలు ఎదురివ్వాలి. ఆ 40 వేలకు రైతు పేరు మీదే డిక్రీ వస్తుంది. వేరే దావా అక్కర్లేదు. (దావా తర్వాతి వడ్డీ, ఖర్చులు ఇందులో కలపలేదు.)

రుజువు కావడం మాత్రం అంత తేలిక కాదు. సంతకం ఉన్న కాటా చీటీ గట్టి ఆధారం. సంతకం లేని తెల్ల చీటీ అయితే లారీ వివరాలు, వే బ్రిడ్జి రసీదు, కోత కూలీల సాక్ష్యం వెతుక్కోవాలి. వ్యాపారి ఖాతా పుస్తకం కోర్టులో పెట్టమని నోటీసు ఇవ్వొచ్చు. వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు పెడితే, 2023 భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడా జత చేయాలి. కోత నష్టంలో, తర్వాత కాయ ఎవరికి ఎంతకు అమ్మారో చూపకపోతే 1 లక్ష 80 వేల లెక్క నిలబడదు. 'పూర్తిగా 2 లక్షల 70 వేలు పోయాయి' అంటే కోర్టు నమ్మదు, చేతికొచ్చిన 90 వేలు తీసేయాల్సిందే.

ఎప్పటిలోగా?

సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా గడువిస్తుంది. సెట్-ఆఫ్ మొదటి విచారణ నాటికే చెప్పాలి, తర్వాత అయితే కోర్టు అనుమతి కావాలి. కౌంటర్ క్లెయిమ్‌కు కారణం, జవాబు వేసేలోపు లేదా దాని గడువు ముగిసేలోపు పుట్టి ఉండాలి. ఆ తర్వాత జరిగిన గొడవను ఇందులో కలపలేరు.

జవాబు వేశాక కౌంటర్ క్లెయిమ్ గుర్తొస్తే? దీని మీద సుప్రీంకోర్టు 2019 నవంబర్ 19న అశోక్ కుమార్ కాల్రా కేసులో తీర్పిచ్చింది. తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ముగ్గురు జడ్జిల ధర్మాసనం అది. జవాబు తర్వాత కూడా తీసుకోవచ్చు, కానీ ఆలస్యానికి కారణం ఏంటో, అవతలివారికి నష్టముందో చూసి కోర్టు నిర్ణయిస్తుంది. విచారించాల్సిన అంశాలు, అంటే ఇష్యూలు, ఖరారయ్యాక మాత్రం మామూలుగా ఒప్పుకోరు.

కౌంటర్ క్లెయిమ్ మొత్తం ఆ కోర్టు విచారించగల పరిమితి దాటకూడదు. దాటితే పై కోర్టులో విడిగా దావా వేసుకోవాలి. ఇక వ్యాపారి వైపు చూస్తే, కౌంటర్ క్లెయిమ్ పడ్డాక దానికి ఆయనా జవాబు వేయాలి. వేయకపోతే ఆ మేరకు ఆయన మీదే తీర్పు రావొచ్చు. 'ఇదేదో తిరగబడేలా ఉంది' అని తన దావా వెనక్కి తీసుకున్నా, రైతు వేసిన కౌంటర్ క్లెయిమ్ అదే కోర్టులో నడుస్తూనే ఉంటుంది.