వాన రోజు ఆటల పీరియడ్

జూలైలో ముసురు పట్టిందంటే చాలా బడుల్లో ఆటల పీరియడ్ లెక్కల మాస్టారి చేతికి వెళ్తుంది. లేదా నలుగురు పిల్లల ముందు క్యారమ్ బోర్డు పెడతారు, మిగతా నలభై మంది చూస్తూ కూర్చుంటారు. గ్రౌండు బురదైతే ఇంకేం చేస్తాం అంటారు. గదిలోనే చేయొచ్చు. అయితే ముందు ఆ గదిని కొలవాలి.

ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న ఏడో తరగతి గది, 45 మంది పిల్లలు అనుకుందాం. ముగ్గురు కూర్చునే బెంచీలు పదిహేను, వరుసకు అయిదు చొప్పున మూడు నిలువు వరుసలు. ఒక్కో బెంచీ అయిదడుగులుంటే వరుసల మధ్య రెండు సందులు మిగులుతాయి, ఒక్కోటి రెండున్నర అడుగులు. నల్లబల్ల ముందు ఇంకో అయిదడుగుల జాగా ఉంటుంది. చాలామంది మొదట బెంచీలు జరపాలని చూస్తారు. దానికే పది నిమిషాలు పోతాయి, పక్క తరగతి పాఠం చెడుతుంది. బెంచీలను కదపకపోవడమే మేలు.

45 మందీ ఒకేసారి నిలబడే చోటు లేదు గానీ పదిహేను మందికి ఉంది. అందుకని ప్రతి బెంచీ నుంచి ఒక్కరే బయటికి వస్తారు. ఎడమ వరుస వాళ్లు అయిదుగురు ఎడమ సందులోకి, కుడి వరుస వాళ్లు కుడి సందులోకి, నడిమి వరుస వాళ్లు నల్లబల్ల ముందుకు. సందులో ఒక్కొక్కరికీ మూడడుగుల దూరం దొరుకుతుంది. వాళ్లు ఉన్నచోటే మోకాళ్లు నడుం దాకా ఎత్తుతూ కవాతు చేస్తారు. చేతులు పక్కలకు చాపకూడదు, ముందుకో పైకో మాత్రమే. బెంచీ మీద మిగిలిన ఇద్దరిలో మధ్యలో ఉన్నవాడు డెస్కు పట్టుకోకుండా లేచి కూర్చుంటాడు. లోపలి కొసన ఉన్నవాడు మణికట్టు పట్టుకుని 15 సెకన్లు నాడి లెక్కపెట్టి, నాలుగుతో గుణించి నోట్‌బుక్కులో రాసుకుంటాడు.

ఒక నిమిషం పని, అర నిమిషం మార్పు. మారేటప్పుడు ముగ్గురూ బయటికి వస్తారు. కవాతు చేసినవాడు ముందుగా లోపలికి వెళ్లి కొసన కూర్చుంటాడు, నాడి చూసినవాడు మధ్యలోకి వస్తాడు, లేచి కూర్చున్నవాడు సందులో ఉండిపోతాడు. ఇలా తిరిగితే కవాతు చేసినవాడే వెంటనే తన నాడి చూసుకుంటాడు. అదే ఈ అమరికలో నాకు బాగా నచ్చిన సంగతి. మూడు మార్పులకు నాలుగున్నర నిమిషాలు. మూడుసార్లు తిప్పితే దాదాపు పద్నాలుగు నిమిషాలు అవుతుంది. మొదటిరోజు మాత్రం మార్పును వ్యాయామం లేకుండా రెండుసార్లు సాధన చేయించాలి, లేకపోతే తొక్కిసలాటే.

నాడి అంకెలు టీచరుకు కూడా పనికొస్తాయి. మొదట కూర్చున్నప్పుడు రాసుకున్న అంకెకూ కవాతు తర్వాతి అంకెకూ తేడా లేకపోతే ఆ పిల్ల మోకాలు ఎత్తడం లేదన్నమాట. “ఇంకొంచెం పైకెత్తమ్మా” అంటే సరిపోతుంది. మరీ ఆయాసపడి మాట కూడా రానివాళ్లను కూర్చోబెట్టాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు, నలతగా ఉన్నవాళ్లు, కాళ్లు సరిగా కదపలేనివాళ్లు బెంచీ మీద కూర్చునే చేతులు ముందుకూ పైకీ ఆడించవచ్చు. వాళ్లూ నాడి రాయాలి, వాళ్లకూ వంతు రావాలి.

ప్రమాదం వచ్చేది నేల వల్ల. నాపరాళ్ల గచ్చు మీద తడి చెప్పులు జారతాయి. చెప్పులు వరండాలో వదిలించి, నేల తుడిపించి, బ్యాగులన్నీ డెస్కుల కిందికి తోయించాకే మొదలుపెట్టాలి. గెంతడం వద్దు, మేడ మీది గదైతే అసలే వద్దు. బెంచీ ఎక్కడం ఎవరికీ వద్దు. అంచున కాలు పడితే బోర్లా పడుతుంది. గదిలో విజిల్ ఊదకండి. డస్టర్ పైకెత్తితే ఆగాలని చెబితే పిల్లల కళ్లు మీ మీదే ఉంటాయి.

మిగిలిన సమయానికి స్కేలు ఆట చాలు. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకుంటారు, ఇంకొకరు సున్నా గీత దగ్గర వేళ్లు తెరిచి ఉంచుతారు. చెప్పకుండా వదలగానే పట్టాలి, మూడోవారు అంకె రాయాలి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే చేయి స్పందించడానికి సుమారు సెకనులో అయిదో వంతు పట్టిందని అర్థం.

ఇదంతా పరుగుకు, కబడ్డీకి బదులు కాదు. దమ్ము, బంతి పట్టే నేర్పు గ్రౌండులోనే వస్తాయి. బెంచీకి నలుగురు కూర్చునే గదిలో నాలుగో పనిగా ఒకరికి నిమిషం లెక్కపెట్టే బాధ్యత ఇవ్వచ్చు. సందు రెండడుగులకు తగ్గితే మాత్రం అందులో కవాతు వద్దు, నల్లబల్ల ముందే అయిదుగురేసి చేయించండి. పీఈటీలు వానలు మొదలవకముందే టేపు పట్టుకుని తమ గదుల సందులు కొలిచి రాసిపెట్టుకోవాలి. హెడ్మాస్టర్లు ఆ పీరియడ్‌ను వేరేవాళ్లకు ఇవ్వకుండా ఉంటే చాలు.